కూలి రేటు ఎక్కడ తేలుతుంది? పదిహేను మార్కుల ప్రశ్నకి ఈపురుపాలెం మగ్గం దగ్గర నుంచి ఒక దారి

పోస్టు పెద్దది, తీరిగ్గా చదవండి. బి.ఏ. ఎకనామిక్స్ వాళ్ళకి ఎక్కువ ఉపయోగం, మిగతావాళ్ళకి కూడా కూలి సంగతి కాబట్టి పనికొస్తుంది.

ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "వేతన నిర్ణయం, నిరుద్యోగం విషయంలో సంప్రదాయ, నవ్య సంప్రదాయ ఆర్థికవేత్తల వివరణలను పోల్చి రాయండి." నోట్సు రెండు రోజులు బట్టీ పట్టాడంట, అయినా రాయడానికి కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదంట. ఇది వాడి ఒక్కడి ఇబ్బంది కాదు. ఈ ప్రశ్నకి మనలో చాలామంది రాసే జవాబు రెండు కుప్పలుగా ఉంటుంది. మొదటి రెండు పేజీల్లో స్మిత్, రికార్డో, మిల్. తర్వాతి రెండు పేజీల్లో మార్షల్, క్లార్క్, పిగూ. చివర్లో "ఈ విధంగా ఇద్దరికీ తేడా కలదు" అని ఒక లైను. పోల్చమంటే పక్కపక్కన పెట్టాం గానీ పోల్చలేదు. మార్కులు పోయేది అక్కడే.

పోల్చాలంటే ఇద్దరినీ ఒకే చోటికి తీసుకొచ్చి ఒకే ప్రశ్న అడగాలి. ఆ చోటుగా నేను మా ఈపురుపాలెం తీసుకుంటున్నా. చీరాల పక్కన, మగ్గాల ఊరు. మేం నేసేవాళ్ళం కాదు, మా ఇంట్లో వాళ్ళు పొలం పనులకి పోతారు. కానీ చిన్నప్పటి నుంచి మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం కాబట్టి ఆ పని ఎలా నడుస్తుందో తెలుసు. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు. నేతపనివాడు తన ఇంట్లో గుంట మగ్గం మీద నేసి చీర తిరిగి ఇస్తాడు. చీరకి ఇంత అని మజూరీ తీసుకుంటాడు. ఇంట్లో ఆడవాళ్ళు కండెలు చుడతారు, దానికి వేరే లెక్క ఉండదు, అదంతా ఆ మజూరీలోనే కలిసిపోతుంది.

ఇప్పుడు ప్రశ్న: ఆ మజూరీ ఇంత అని ఎక్కడ తేలింది?

సంప్రదాయ ఆర్థికవేత్తని అడిగితే, నేతపనివాడి ఇంట్లో, ఆ ఊరి అలవాట్లలో తేలింది అంటాడు. ఆ కుటుంబం బతికి, పిల్లల్ని పెంచి, రేపు మళ్ళీ పనికి రావడానికి ఎంత కావాలో అది ముందే ఉన్న లెక్క. బట్ట అమ్మిన డబ్బులో నూలు ఖర్చు, ఈ కూలి పోగా మిగిలింది లాభం. అంటే కూలి ముందు, లాభం తర్వాత. రికార్డో 1817లో రాసిన పుస్తకంలో శ్రమకి సహజ ధర, మార్కెట్ ధర అని రెండు ఉంటాయి. మార్కెట్ ధర పైకీ కిందకీ ఊగుతుంది, దీర్ఘకాలంలో సహజ ధర వైపు లాగబడుతుంది. కూలి పెరిగితే జనాభా పెరుగుతుంది, కూలీలు ఎక్కువై రేటు దిగుతుంది అనేది ఆ లాగుడు. ఇందులో మాల్తస్ జనాభా వాదం కలిసి ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. "జీవనాధార వేతనం అంటే చావకుండా ఉండేంత కూలి" అని గైడుల్లో రాసేస్తారు. స్మిత్ గానీ రికార్డో గానీ అలా అనలేదు. నలుగురిలో సిగ్గుపడకుండా తిరగడానికి కావలసినవి కూడా అవసరాలే అంటాడు స్మిత్. తన కాలంలో రోజుకూలీకి నార చొక్కా అలాంటిదే అని ఉదాహరణ ఇస్తాడు. సహజ వేతనం ఆయా దేశాల అలవాట్లని బట్టి మారుతుందని రికార్డో కూడా చెప్పాడు. మన భాషలో చెప్పాలంటే పిల్లాడి స్కూలు చెప్పులు, పండక్కి కొత్త బట్ట, ఇప్పుడైతే ఫోను రీఛార్జి కూడా అందులోకి వస్తాయి. కూలి ఎప్పుడూ కిందకే పోతుందనే ఆ "ఉక్కు సూత్రం" 1863 ప్రాంతంలో జర్మనీలో లాసాల్ ప్రచారం చేసిన మాట. దాన్ని రికార్డో నోట్లో పెట్టకండి.

స్మిత్ దగ్గర ఇంకో మాట ఉంది, అది నోట్సుల్లో అసలు కనపడదు. 1776 నాటి పుస్తకం మొదటి భాగం ఎనిమిదో అధ్యాయంలో కూలి అనేది రెండు పక్షాల ఒప్పందం అంటాడు. ఆ రెండు పక్షాలూ సమానం కాదని కూడా అక్కడే చెప్తాడు. పని ఆగిపోతే యజమాని ఏడాది, రెండేళ్ళు కూర్చుని తినగలడు. కూలివాళ్ళలో చాలామంది వారం కూడా ఆగలేరు. యజమానులు కొద్దిమంది కాబట్టి రేటు పెంచకూడదని తమలో తాము సులువుగా కూడబలుక్కుంటారు, అది బయటికి వినపడదు కూడా. అందుకే సంప్రదాయ వివరణలో కూలి అనేది లెక్క మాత్రమే కాదు, బలాబలం కూడా. ఈ ఒక్క పాయింటు రాస్తే మీ జవాబు మిగతా వాటి నుంచి విడిగా కనపడుతుంది.

ఇప్పుడు అదే మజూరీ గురించి నవ్య సంప్రదాయ ఆర్థికవేత్తని అడుగుదాం. 1871లో జెవాన్స్, మెంగర్, 1874లో వాల్రాస్ మొదలుపెట్టిన దారి ఇది. 1890లో మార్షల్ పుస్తకం, 1899లో అమెరికాలో క్లార్క్ పుస్తకం వచ్చాయి. కూలి వైపు ఉపాంత ఉత్పాదకత సిద్ధాంతంగా స్థిరపడింది. ఈయన నేతపనివాడి ఇంటికి వెళ్ళడు, మాస్టర్ వీవర్ లెక్కల పుస్తకం తెరుస్తాడు. ఒక లెక్క వేద్దాం, అంకెలు కేవలం అర్థం కావడానికే. మాస్టర్ వీవర్ దగ్గర నూలు, రంగులు, అమ్ముకునే దారి అన్నీ ఒక మేరకే ఉన్నాయి. ఐదో నేతపనివాడిని పెట్టుకుంటే నూలు ఖర్చు పోను రోజుకి అదనంగా 500 రూపాయలు వస్తాయి. ఆరోవాడితో అదనంగా 400, ఏడోవాడితో 300. ఎందుకు తగ్గుతుంది? ఏడోవాడు తక్కువ పనివాడని కాదు. మిగతావి పెరగకుండా మనుషులు మాత్రమే పెరుగుతున్నారు కాబట్టి. ఇప్పుడు రోజు కూలి 400 అయితే ఆయన ఆరుగురిని పెట్టుకుంటాడు, ఏడోవాడి దగ్గర ఆగిపోతాడు. కూలి 300కి దిగితే ఏడోవాడికీ పని దొరుకుతుంది. అప్పుడు ఏడుగురికీ 300 లే, ఎందుకంటే ఎవరి స్థానంలో ఎవరైనా నేయగలరు.

అసలు తేడా ఇక్కడుంది. సంప్రదాయ లెక్కలో కూలి ఎంత అనేది ఒక ప్రశ్న, ఎంతమందికి పని అనేది ఇంకో ప్రశ్న. కూలిని అలవాట్లు, బలాబలం, జనాభా నిర్ణయిస్తాయి. ఎంతమందికి పని దొరుకుతుందో పెట్టుబడి నిర్ణయిస్తుంది. నవ్య సంప్రదాయ లెక్కలో ఆ రెండూ ఒకే మార్కెట్లో, ఒకేసారి, డిమాండు సప్లయి గీతలు కలిసే చోట తేలతాయి. ఈ ఒక్క వాక్యం మీ జవాబుకి వెన్నెముక. ఉపోద్ఘాతంలోనే రాసేయండి. ఇలా ఉండొచ్చు:

"సంప్రదాయ ఆర్థికవేత్తలు వేతన స్థాయిని, ఉద్యోగిత పరిమాణాన్ని రెండు వేర్వేరు కారణాలతో వివరించారు. నవ్య సంప్రదాయ ఆర్థికవేత్తలు ఆ రెండింటినీ ఒకే శ్రమ మార్కెట్లో ఏకకాలంలో నిర్ణయమయ్యేవిగా చూపించారు. నిరుద్యోగానికి వారిచ్చే అర్థాలు భిన్నంగా ఉండటానికి ఇదే మూలం."

మూడు వాక్యాలు చాలు. ఆడం స్మిత్ ఎక్కడ పుట్టాడు, ఆర్థికశాస్త్ర పితామహుడు అనే బిరుదు, ఇవన్నీ వద్దు. పేపరు దిద్దేవాళ్ళకి అవి తెలుసు.

ఇక నిరుద్యోగం. పైన చెప్పిన వెన్నెముక నుంచి ఇది దానంతట అదే వస్తుంది, కొత్తగా బట్టీ పట్టక్కర్లేదు. కూలి, పని ఒకే మార్కెట్లో తేలితే, పని దొరకనివాడు ఉన్నాడంటే కూలి ఎక్కడో పైన ఇరుక్కుని ఉన్నట్టు. మన లెక్కలో 400 దగ్గర ఇరుక్కుంది, ఏడోవాడు ఖాళీగా ఉన్నాడు. ఇరుక్కోవడానికి కారణం యూనియన్ కావచ్చు, చట్టం కావచ్చు, అలవాటు కావచ్చు. 1933లో పిగూ నిరుద్యోగం మీద రాసిన పుస్తకం ఈ ఆలోచన మీదే నడుస్తుంది. అదికాక ఒక పని నుంచి ఇంకో పనికి మారే మధ్యలో కొన్నాళ్ళు ఖాళీగా ఉండటం, దాన్ని మన పుస్తకాల్లో సంఘృష్ట నిరుద్యోగం అంటారు. ఈ రెండూ తీసేస్తే ఆ రేటుకి పని కావాలన్న ప్రతివాడికీ పని ఉంటుంది.

సంప్రదాయ ఆర్థికవేత్తల దగ్గర ఈ వాదం వెతికితే దొరకదు. అసలు నిరుద్యోగం అనే మాటే ఇంగ్లీషులో 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో గానీ గట్టిగా వాడుకలోకి రాలేదు. వాళ్ళు మాట్లాడింది పెట్టుబడికి మించి మిగిలిపోయిన జనం గురించి. సే సూత్రం ఉంది కదా అంటారు. ఉంది, కానీ సరుకులన్నీ ఒకేసారి అమ్ముడుపోక మిగిలిపోవు అనేదే అది చెప్పేది. రికార్డో ఒక పక్క సే సూత్రం నమ్ముతూనే ఇంకో పక్క యంత్రం వల్ల కూలీలు మిగిలిపోతారని ఒప్పుకున్నాడు. 1821లో మూడో ముద్రణకి యంత్రాల మీద ఒక అధ్యాయం కొత్తగా చేర్చి, అంతకుముందు తను అనుకున్నది మార్చుకుంటున్నానని అక్కడే చెప్పాడు.

ఆ అధ్యాయంలో ఒక లెక్క ఉంది. జవాబులో ఇది వేసి చూపిస్తే నాలుగు సిద్ధాంతాల పేర్లు రాసినదానికంటే విలువ. ఒక యజమానికి 20,000 పౌన్ల పెట్టుబడి ఉంది. 7,000 కట్టడాలు, పనిముట్లలో ఉంది. 13,000 కూలీలని పోషించడానికి. ఏడాదికి 15,000 విలువ చేసే తిండి, అవసర వస్తువులు తయారవుతాయి. అందులో 2,000 ఆయన లాభం, అది తను తింటాడు. మిగిలిన 13,000 మళ్ళీ వచ్చే ఏడు కూలికి. ఇలా ఏళ్ళ తరబడి నడుస్తుంది. ఒక ఏడు ఆయన సగం మంది కూలీలతో యంత్రం కట్టిస్తాడు. ఏడాది చివర్లో 7,500 విలువైన యంత్రం ఉంది, మిగతా సగం మంది చేసిన 7,500 విలువైన తిండి ఉంది. మొత్తం అదే 15,000. కానీ యంత్రాన్ని కూలిగా ఇవ్వలేరు కదా. 7,500 తిండిలో 2,000 యజమాని తన లాభంగా తీసేస్తే కూలికి మిగిలేది 5,500. నిన్నటిదాకా 13,000 పోషించిన చోట ఈరోజు 5,500. యజమానికి ఏమీ తగ్గలేదు, ఆయన 2,000 ఆయనకి ఉంది. పని పోయింది కూలీలకి.

గమనించండి, ఇందులో కూలి రేటు ఎక్కడా ఇరుక్కోలేదు. యూనియన్ లేదు, చట్టం లేదు. కూలి దిగిపోతే అందరికీ పని దొరుకుతుందని రికార్డో అనడు, ఎందుకంటే ఇక్కడ కొరత వచ్చింది కూలికి ఇచ్చే పెట్టుబడికి. నవ్య సంప్రదాయ నిరుద్యోగానికీ దీనికీ మధ్య ఇంతకంటే స్పష్టమైన తేడా నాకు ఎక్కడా కనపడలేదు. అలాగని రికార్డో యంత్రాలు ఆపమనలేదు. ఆపితే పెట్టుబడి వేరే దేశం పోతుంది, అది ఇంకా నష్టం అన్నాడు. తన లెక్కలో యంత్రం ఒక్కసారిగా వచ్చినట్టు ఊహించానని, నిజంలో మెల్లగా వస్తుందని కూడా ఒప్పుకున్నాడు. ఈ పరిమితి కూడా ఒక వాక్యంలో రాయాలి, లేకపోతే ఆయన్ని సగమే చెప్పినట్టు. దీన్నే ఇంకా ముందుకు తీసుకెళ్ళి 1867లో మార్క్స్ నిరుద్యోగుల రిజర్వు సైన్యం అన్నాడు. ఆయన్ని సంప్రదాయ వర్గంలో కలపకుండా, ఆ దారిలో వచ్చి దాన్నే విమర్శించినవాడిగా ఒక లైను రాస్తే సరిపోతుంది. మిల్ వేతన నిధి సిద్ధాంతం కూడా అంతే. కూలికి ముందే కట్టి ఉంచిన మొత్తాన్ని కూలీల సంఖ్యతో భాగిస్తే సగటు కూలి అనేది దాని సారం. 1869లో మిల్లే దాన్ని వదిలేసుకున్నాడు.

ఇప్పుడు చాలామంది జారిపడే చోటు. మన స్థూల ఆర్థికశాస్త్రం పేపర్లో "సంప్రదాయ ఉద్యోగితా సిద్ధాంతం" అని ఒక పాఠం ఉంటుంది. అందులో వేతనాలు సరళంగా ఉంటే సంపూర్ణ ఉద్యోగిత వస్తుంది, పిగూ అలా చెప్పాడు అని ఉంటుంది. ఆర్థిక భావాల చరిత్ర పేపర్లోకి వచ్చేసరికి అదే పిగూ నవ్య సంప్రదాయవాది అయిపోతాడు. ఒకే మనిషి రెండు కుప్పల్లో ఎలా ఉన్నాడు? ఆ చిక్కు కీన్స్ వల్ల వచ్చింది. 1936 పుస్తకం మొదట్లోనే ఒక ఫుట్‌నోటులో చెప్తాడు: సంప్రదాయ ఆర్థికవేత్తలు అనే పేరు మార్క్స్ పెట్టింది, రికార్డో, జేమ్స్ మిల్, వాళ్ళ ముందువాళ్ళ కోసం, నేను మాత్రం వాళ్ళ వెనక వచ్చిన జాన్ స్టూవర్ట్ మిల్, మార్షల్, ఎడ్జ్‌వర్త్, పిగూలని కూడా అందులో కలిపేస్తున్నా అని. ఆయన ఎదిరించాలనుకున్న వాళ్ళందరికీ ఒకే పేరు పెట్టుకున్నాడు, ఆయనకి అది వీలు. మనకి మాత్రం ఈ ప్రశ్నలో అది గొయ్యి. స్థూల ఆర్థికశాస్త్రం నోట్సు తెచ్చి ఇక్కడ సంప్రదాయ భాగంలో పెడితే, రికార్డో పేరు కింద పిగూ మాట రాసినట్టు అవుతుంది. అప్పుడు రెండు వైపులా ఒకటే మాట ఉంటుంది, పోల్చడానికి ఏమీ మిగలదు. మీ డ్రాఫ్టులో "వేతన సరళత" అనే మాట సంప్రదాయ భాగంలో కనపడితే, ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూసుకోండి.

ఇక్కడిదాకా రాస్తే సిద్ధాంతం అయింది. మంచి జవాబుకి ఇంకొక్కటి కావాలి. రెండిటినీ ఒక నిజమైన చరిత్ర మీద పెట్టి, ఏది ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. నేత చరిత్రలోనే అలాంటిది ఉంది, బ్రిటన్ చేమగ్గం నేతగాళ్ళది. 19వ శతాబ్దం మొదట్లో వాళ్ళ మజూరీ బాగుండేది, తర్వాత పడిపోతూ వచ్చింది. 1830ల నాటికి నేతగాడి కుటుంబం అంటే ఆకలి అనే స్థితి. మరమగ్గాలు వచ్చి కూలి పడగొట్టాయి అని వెంటనే రాయబుద్ధి అవుతుంది. కానీ తేదీలు చూడండి. 1813లో బ్రిటన్‌లో ఉన్న మరమగ్గాలు సుమారు 2,400 మాత్రమే. లక్ష అయ్యేసరికి 1833. మజూరీ మాత్రం అంతకు చాలా ముందే, మరమగ్గం ఇంకా పిల్లగా ఉన్నప్పుడే పడటం మొదలైంది. ఇంకో వింత, రేటు పడుతున్నా నేతగాళ్ళ సంఖ్య పెరుగుతూనే పోయింది, 1820ల్లో రెండు లక్షలు దాటింది. పని నేర్చుకోవడం తేలిక, ఇంట్లోనే చేసుకోవచ్చు, పిల్లలు కూడా చేయి వేస్తారు, ఐర్లాండ్ నుంచి వచ్చిన పేదలకి దొరికే పని అదే. రేటు పడేకొద్దీ ఉన్నవాళ్ళు గంటలు పెంచి ఎక్కువ నేశారు, తిండి గింజలు రావాలి కదా. దాంతో బట్ట ఇంకా ఎక్కువైంది, రేటు ఇంకా పడింది. మరమగ్గం వచ్చి చివరి దెబ్బ కొట్టింది.

ఇది నవ్య సంప్రదాయ కళ్ళతో చూస్తే ఏమవుతుంది? కూలి ఇరుక్కోలేదు, స్వేచ్ఛగా కిందకి దిగింది. అందరికీ పని ఉంది. లెక్క ప్రకారం నిరుద్యోగం సున్నా. మనుషులు మాత్రం పస్తులున్నారు. కూలి తగ్గితే సమస్య తీరుతుందనే వాదం మనుషులకి వేరే చోట పని ఉందని, అక్కడికి పోగలరని ముందే అనుకుంటుంది. అది లేనప్పుడు మార్కెట్ కుదురుకుంది అనే మాటకి అర్థం ఏంటో అడగాలి. మార్షల్‌కి ఈ ఇబ్బంది తెలుసు. శ్రమ నిలవ ఉండే సరుకు కాదు, ఈరోజు అమ్మకపోతే ఈరోజుది పోయినట్టే, అమ్మేవాడు సాధారణంగా పేదవాడు కాబట్టి బేరంలో వెనకబడతాడు అని తన పుస్తకంలోనే రాశాడు. కానీ గీతలు గీసేవాళ్ళు ఆ పేజీ తిప్పేసి పోతారు.

సంప్రదాయ కళ్ళకి కూడా పూర్తి మార్కులు రావు. మార్కెట్ కూలి సహజ కూలి కంటే కిందకి పోతే జనాభా తగ్గి మళ్ళీ లేస్తుందన్నారు కదా. దానికి ఒక తరం పడుతుంది, ఈలోపు ఆ కుటుంబాలు ఏం కావాలి? 1835లో నేతగాళ్ళకి కనీస కూలి కట్టాలని పార్లమెంటులో జాన్ మాక్స్‌వెల్ తెచ్చిన బిల్లు వీగిపోయింది. 1837లో వేసిన రాయల్ కమిషన్‌లో ముఖ్యుడు నసావు సీనియర్, ఆ సంప్రదాయంలో పెరిగిన ఆర్థికవేత్త. 1841 నివేదికలో తేల్చింది ఏంటంటే, పనికి మించి పనివాళ్ళు ఉన్నారు, చట్టంతో కూలి కట్టి లాభం లేదు, నేతగాళ్ళు తమ పిల్లల్ని ఆ పనిలోకి రానివ్వకూడదు అని. రికార్డో యంత్రాల అధ్యాయం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు.

మళ్ళీ ఈపురుపాలెం వస్తా. గుంట మగ్గం అంటే కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో తవ్విన గుంట ఉంటుంది. వర్షాలు గట్టిగా పడితే ఆ గుంటలోకి నీళ్ళు ఊరతాయి. నీళ్ళు ఇంకేదాకా నేత లేదు. ఆ రోజులు నిరుద్యోగమా? నవ్య సంప్రదాయం దగ్గర దీనికి సూటిగా జవాబు లేదు, ఏ రేటుకైనా ఆ రోజు నేయలేరు. స్మిత్ దగ్గర మాత్రం ఒకటి ఉంది. తాపీ పనివాడు మంచు పడ్డప్పుడు, వానలప్పుడు ఖాళీగా ఉండాలి కాబట్టి, పని ఉన్న రోజుల్లో అతని కూలి ఆ ఖాళీ రోజులకి కూడా సరిపడా ఎక్కువ ఉంటుంది అంటాడు. మరి ఆ లెక్కన నేత మజూరీలో వానాకాలం ఖర్చు కలిసి ఉండాలి. మా ఊళ్ళో నేను చూసినంతలో వానలకి జరిగేది అది కాదు. మాస్టర్ వీవర్ దగ్గర అప్పు తీసుకుంటారు. ఎండలు వచ్చాక ఆ అప్పు మజూరీలో తెగ్గొట్టుకుంటారు. అప్పు తీరేదాకా ఇంకో మాస్టర్ వీవర్ పది రూపాయలు ఎక్కువ ఇస్తానన్నా మారలేరు. మన లెక్కలో ఏడుగురూ ఎవరి దగ్గరికైనా పోగలరనే ఊహ ఇక్కడ తెగిపోయింది. వారం కూడా ఆగలేనివాడి బేరం గురించి స్మిత్ చెప్పిందే మిగిలింది. మీ ఊళ్ళో మిరప కోత కావచ్చు, ఇటుక బట్టీ కావచ్చు, అడ్వాన్సు ఎక్కడ ఉంటే అక్కడ ఇదే పరీక్ష పెట్టి చూడొచ్చు.

ఒక మాట మన గ్రూపు కోసం. ఈపురుపాలెం పక్కనే స్టువర్టుపురం ఉంది. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పూర్తిగా పోలేదు. స్మిత్ ఒప్పందమన్నా, క్లార్క్ మార్కెట్ అన్నా, పనివాడు లేచి వేరే చోటికి వెళ్ళగలడనేది రెండిటికీ పునాది. ఆ పునాదిని చట్టమే తీసేసిన చోట కూలి ఎంత అనేది ఈ రెండు సిద్ధాంతాల్లో దేనితోనూ తేలదు. జవాబులో దీన్ని పరిమితుల పేరాలో మూడు, నాలుగు వాక్యాలు రాయండి, అంతకంటే వద్దు. మనకి దగ్గరి సంగతి కాబట్టి రాస్తూ పోతాం, ప్రశ్న పక్కకి పోతుంది.

ఇక పేజీల లెక్క. ఐదు పేజీలు అనుకుంటే ఉపోద్ఘాతం పావు పేజీ. కూలి ఎక్కడ తేలుతుంది అన్నదానికి పేజీన్నర, ఒకే పేరాలో ఇద్దరి జవాబూ ఉండాలి. నిరుద్యోగానికి పేజీన్నర, అందులో రికార్డో 13,000 నుంచి 5,500 లెక్క తప్పనిసరి. కీన్స్ పేరు గందరగోళానికి నాలుగు లైన్లు. మిగిలింది నేతగాళ్ళ చరిత్రకి, పరిమితులకి. ముగింపులో "రెండూ గొప్పవే" అని రాయకండి. మీరు తీసుకున్న కేసులో ఏ వివరణ దేన్ని బాగా పట్టుకుంది, దేన్ని వదిలేసింది, అది చెప్పి ఆపేయండి. నేనైతే కూలి స్థాయికి స్మిత్ వైపు, ఒక యజమాని ఎంతమందిని పెట్టుకుంటాడన్నదానికి మార్షల్ వైపు రాస్తా. మీకు వేరేలా అనిపిస్తే కారణం చూపించి రాయండి, మార్కులు కారణానికే.

ఎవరైనా డ్రాఫ్టు రాస్తే ఫొటో తీసి ఇక్కడే పెట్టండి. రాత్రి స్టడీ అవర్ అయ్యాక చూసి చెప్తా.